నాన్న అప్పులో నా పెళ్లి వాటా ఎంత?

ప్రశ్న: మాది కడప జిల్లా మైదుకూరు దగ్గర పల్లె. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నా. నేను పెద్దదాన్ని, తర్వాత చెల్లెలు, తమ్ముడు. నాకొక సంబంధం వచ్చింది. పది లక్షలు, ఇరవై తులాలు అడుగుతున్నారు. నాన్న అప్పు కోసం తిరుగుతున్నాడు. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనరు, కానీ ఇదంతా నా వల్లే అనిపించి అన్నం సహించట్లేదు. బీఈడీ చేయాలని ఉంది, ఆ మాట ఎత్తాలంటేనే సిగ్గుగా ఉంది. నేను భారం కాదని నాకు నేను ఎలా చెప్పుకోవాలి?

సమాధానం:

తల్లీ, ముందు ఒక విషయం సూటిగా అడుగుతాను. అన్నం సహించకపోవడంతో పాటు, "నేను లేకపోతే నాన్నకు ఈ బాధ తప్పుతుంది కదా" అనే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వచ్చి ఉంటే మిగతాది తర్వాత చదువుదువుగానీ, ఈ రోజే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అమ్మతోనో, నీకు బాగా దగ్గరైన లెక్చరర్‌తోనో కూడా ఆ మాట పైకి చెప్పు. ఇలాంటి ఇళ్ల పిల్లలకు ఆ ఆలోచన రావడం నేను చాలాసార్లు చూశాను. అందుకే మొదట అడిగాను.

ఇక నువ్వడిగినదానికి. "నేను భారం కాదు" అని నీకు నువ్వు వందసార్లు చెప్పుకున్నా నమ్మకం కుదరదు. ఎందుకంటే ఆ భావం నీలో పుట్టింది మాటల వల్ల కాదు, మీ ఇంట్లో నడిచే లెక్క వల్ల. ఆ లెక్క తప్పని కళ్లారా చూస్తేనే మనసు ఒప్పుకుంటుంది. కడప, ప్రొద్దుటూరు వైపు కుటుంబ తగాదాల్లో కౌన్సెలింగ్ చేస్తూ ఇన్నేళ్లూ గడిపాను. నీకు పనికొస్తుందనిపించిన ఒక్క కేసు వివరంగా చెబుతాను.

జమ్మలమడుగు వైపు పల్లె అమ్మాయి. పెళ్లికి ఆరు లక్షలు నగదు, పదిహేను తులాల బంగారం, పైన ఆడబిడ్డ లాంఛనాలు ఇచ్చారు. పెళ్లయిన ఏడాదికే మొగుడు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల నాలుగేళ్లు పుట్టింట్లో చెప్పలేదు. దసరాకు వచ్చినా, ఉగాదికి వచ్చినా నిండు చేతుల జాకెట్టే వేసుకునేది, దెబ్బలు కనబడకుండా. చివరికి చెయ్యి విరిగితే పక్కింటివాళ్లు ఫోన్ చేశారు, తండ్రి వెళ్లి తీసుకొచ్చాడు. మా దగ్గరికి వచ్చిన రోజు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, మొగుడి గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. "మా నాయన నాకోసం చానా ఖర్చు పెట్టినాడు మేడం. మళ్లా ఏ మొగం పెట్టుకోని పోవాల?" అంది. ఇంచుమించు ఇదే మాట వేరే వేరే ఊళ్ల నుంచి, వేరే వేరే కులాల నుంచి వచ్చిన ఆడపిల్లలు నాతో అన్నారు.

ఆ పిల్ల దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. ఏమిటని చూస్తే, పుట్టింటికి తిరిగొచ్చిన రోజు నుంచి తన మీద అయిన ఖర్చంతా రాసుకుంటోంది. కట్టు కట్టించినందుకు ఇంత, మాత్రలకు ఇంత, బస్సు చార్జీ ఇంత, ఒక సబ్బు, ఒక కొబ్బరినూనె ప్యాకెట్టు. ఎవరూ రాయమనలేదు. ఏదో ఒకరోజు సంపాదించి తండ్రికి తిరిగి ఇచ్చెయ్యాలని రాసుకుంటోంది. వాళ్ల తమ్ముడు అదే ఇంట్లో పుట్టి, అదే కంచాల్లో తిని పెరిగినవాడే. వాడికి అలాంటి పుస్తకం పెట్టాలన్న ఆలోచన కూడా వచ్చి ఉండదు.

ఆ పుస్తకం చూశాక తండ్రిని కూడా కూర్చోబెట్టి, ఇంటి అప్పంతా ఒక కాగితం మీద వేయమన్నాను. మొత్తం పద్నాలుగు లక్షలు తేలింది. ఆ అమ్మాయి లెక్కలో అదంతా తన పెళ్లి అప్పే. ఇంట్లో అందరూ అలాగే అనుకునేవాళ్లు, బంధువులు "ఆడపిల్ల పెళ్లి చేసి మునిగిపోయినాడు" అనేవాళ్లు. విడగొట్టి చూస్తే మూడు బోర్లు వేయించాడు, రెండింట్లో చుక్క నీళ్లు పడలేదు. డ్రిల్లింగు, కేసింగు, మోటారు, పైపులతో కలిపి మూడున్నర లక్షలు. కొడుకు ఇంజనీరింగు మేనేజ్‌మెంట్ సీటు, హాస్టలు నాలుగు లక్షలు. పసుపు ధర పడిపోయిన ఏడాది తీర్చలేక మిగిలిపోయిన పంట అప్పు లక్షన్నర. పెళ్లి కోసం చేసింది ఐదు లక్షలు, మిగిలిన పెళ్లి ఖర్చు అప్పటికి చేతిలో ఉన్న డబ్బుతో వెళ్లిపోయింది.

తండ్రే ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, కూతురంటే ప్రాణం. కానీ బోరు ఎండిపోతే అది దేవుడి రాత అనుకున్నాడు, కొడుకు ఫీజు కడితే అది పెట్టుబడి అనుకున్నాడు, పసుపు ధర పడితే మార్కెట్ అనుకున్నాడు. పెళ్లి అప్పుకు మాత్రం ఒక మనిషి పేరు ఉంది. కళ్ల ముందు తిరిగే మనిషి. అందుకని అన్ని అప్పుల బరువూ ఆ పేరు మీదికి చేరింది. మన రాయలసీమ పల్లెల్లో, వాన మీదా బోరు మీదా బతికే ఇళ్లలో, ఇది మరీ ఎక్కువ.

ఇంకొకటి. ఆ ఐదు లక్షల అప్పు అయినా ఆ అమ్మాయి మీద పెట్టిన ఖర్చేనా? ఇచ్చిన ఆరు లక్షల నగదు ఎక్కడికి పోయిందో ఆరా తీస్తే, కొంత ఆడబిడ్డ పెళ్లికి కట్నంగా పోయింది, మిగతాది మామ పేరు మీద ఇంటి స్థలం అయింది. పదిహేను తులాల్లో పది తులాలు మొగుడి పేరుతో బ్యాంకులో కుదువలో ఉన్నాయి. అంటే తండ్రి అప్పు చేసిన డబ్బు ఆ పిల్ల చేతికి ఒక్కరోజు కూడా రాలేదు. తన చేతికి రాని డబ్బుకు తాను రుణపడి ఉన్నానని నాలుగేళ్లు దెబ్బలు తిన్నది.

కట్నం ఆడపిల్ల మనసుకు చేసే పని ఇదే. పుట్టినప్పటి నుంచి ఆమెను బాకీదారును చేస్తుంది. బాకీ ఉన్నవాళ్లు ఎలా ఉంటారో నీకు తెలుసు, అడగాల్సింది అడగరు. పండక్కి బట్టలు కొనేటప్పుడు తక్కువ ధర చీరే బాగుందంటారు. కడుపునొప్పి వచ్చినా రెండు రోజులు ఓర్చుకుంటారు. మార్కులు బాగా వచ్చినా గట్టిగా చెప్పరు, ఎందుకంటే ఆ మాట వెనకే పై చదువు ఖర్చు వస్తుంది. "నాకొద్దులే, తమ్ముడికి తీసుకో" అనే మాట వాళ్ల నోట ఇట్టే వస్తుంది. దాన్ని ఇంట్లోవాళ్లు "మా పాప చానా బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు కోసం పిల్ల ఇంకా తగ్గుతుంది. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకపోయినా ఇదంతా జరుగుతుంది, అనాల్సిన అవసరమే ఉండదు. ప్రొద్దుటూరు బంగారం అంగడి ముందు నుంచి బస్సు పోతుంటే తండ్రి తులం ధర బోర్డు చూసి నిట్టూరిస్తే చాలు, పక్క సీట్లో ఉన్న పదేళ్ల పిల్లకు అర్థమైపోతుంది.

బీఈడీ మాట ఎత్తడానికి సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడు. మన దగ్గర ఒక లెక్క ఉంది. పిల్ల ఎక్కువ చదివితే అంతకంటే చదివినవాణ్ణి తేవాలి, వాడి రేటు ఎక్కువ, కాబట్టి ఆడపిల్ల చదువు రెండు రకాల ఖర్చు అని. ఉద్యోగం ఉన్న పిల్లవాడికి ఒక ధర, సాఫ్ట్‌వేర్‌కు ఒక ధర, ప్రభుత్వ ఉద్యోగమైతే ఇంకో ధర అని పెళ్లిళ్ల పేరయ్యలు ముఖం మీదే చెబుతారు. ఈ లెక్క నడిచే చోట పిల్ల తెలివితేటలు కూడా నష్టం కింద జమవుతాయి. నీ చదువు కోరికకు నువ్వు సిగ్గుపడుతున్నావంటే కారణం ఇదే, నీలో లోపం ఏమీ లేదు.

ఇది అనాదిగా వస్తున్న ఆచారం అని పెద్దవాళ్లు అంటే, మీ ఊళ్లో బాగా ముసలమ్మ ఎవరైనా ఉంటే అడిగి చూడు. మన ప్రాంతంలో చాలా కులాల్లో మగపెళ్లివారే ఆడపిల్ల ఇంటికి ఓలి ఇచ్చి చేసుకునేవాళ్లు. కలుపు తీసి, కోత కోసి, గొడ్లు చూసే మనిషి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతోంది కాబట్టి ఆ ఇంటికి ఏదో ఒకటి ఇవ్వాలని. అదీ మనిషికి ధర కట్టడమే, మంచి ఆచారమని చెప్పను. నేను చెప్పేది ఒక్కటే: ఆడపిల్ల అప్పుడూ అదే పని చేసేది, ఇప్పుడూ చేస్తోంది, డబ్బు పోయే దిక్కు మాత్రం తిరగబడింది. జీతం ఉద్యోగాలు, చదువుకున్న పిల్లవాళ్ల కోసం పోటీ, పై కులాల పద్ధతి చూసి మిగతావాళ్లు అనుసరించడం, ఇవన్నీ కలిసి తిప్పాయి. నీ తాతమ్మ కాలంలో తీసుకున్నవాళ్లే నీ కాలంలో ఇచ్చేవాళ్లయ్యారంటే, ఆ బరువు నీ పుట్టుకలో లేదన్నమాట.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. నాన్నతో ప్రశాంతంగా ఒక పూట కూర్చో. అమ్మ కూడా ఉండాలి, ఎందుకంటే "ఆడపిల్ల ఎంతైనా ఒకరింటికి పోయేదే" అనే మాట చాలా ఇళ్లలో అమ్మ నోటే వస్తుంది. ఆమెకు వాళ్లమ్మ నేర్పింది అది. "నాకు పెళ్లి వద్దు" అని మొదలుపెట్టకు, అలా అంటే మాట అక్కడే తెగిపోతుంది, ఎవరినైనా ప్రేమించిందేమో అన్న అనుమానం మొదలవుతుంది. "నాయనా, ఇప్పుడు మనకున్న అప్పెంత, దేనికి దేనికి చేసినావు, ఒకసారి రాద్దాం" అని మొదలుపెట్టు. పెద్దపిల్లగా నీకు అడిగే హక్కు ఉంది.

ఆ కాగితం మీదే, రాబోయే అప్పు కూడా వేయండి. నగదులో ఏడు లక్షలు బయట తేవాల్సి వస్తుందనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 14,000. ఏడాదికి 1,68,000. అసలు ఒక్క రూపాయి కూడా తగ్గకుండా, కేవలం వడ్డీ. మూడేళ్లు కట్టలేకపోతే, చక్రవడ్డీ వేయకపోయినా ఏడు లక్షలు పన్నెండు లక్షలు దాటుతుంది. సరిగ్గా అప్పటికి మీ చెల్లెలికి సంబంధాలు రావడం మొదలవుతుంది. దాని పక్కనే బీఈడీ ఖర్చు రాయండి. ఎడ్‌సెట్ రాసి కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకుంటే రెండేళ్ల చదువు, హాస్టలు, పుస్తకాలు కలిపి ఎంతవుతుందో మీ సీనియర్లను అడిగి అసలు అంకె వేయండి. రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే మీ నాన్నకు నేను వివరించనక్కర్లేదు. పొలం మీద బతికే మనిషికి వడ్డీ లెక్క ఎవరికన్నా బాగా తెలుసు.

ఇంకో వరుస కూడా ఉండాలి. అది రాయడానికి నువ్వే ఒప్పుకోవు, కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో నువ్వు చేసిన పని. సెలవుల్లో, ఆదివారాల్లో పసుపు తవ్వకానికో, ఉల్లినాటుకో పోయి ఉంటావు. పొద్దున్నే పాలు పిండి డెయిరీకి పోసి కాలేజీకి పోయి ఉంటావు. ఆడకూలి రోజుకు 300 అనుకుని, ఏడాదికి వంద రోజులు వేసుకున్నా 30,000. అలాంటి ఏళ్లు ఎన్నో లెక్కపెట్టు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నీ విలువ ఈ కూలి మొత్తం మీద ఆధారపడి ఉందని అనుకోకు. రేపు జబ్బు చేసి పని చేయలేకపోయినా నువ్వు ఆ ఇంటి బిడ్డవే. ఈ వరుస రాయమనడం ఎందుకంటే, మీ ఇంటి లెక్కలో నీ పేరు కింద ఖర్చులు మాత్రమే ఉన్నాయి, నువ్వు తెచ్చింది ఎక్కడా లేదు. ఆ తప్పు సరిదిద్దడానికి మాత్రమే.

ఒక్క పూటలో నాన్న మారిపోతాడని ఆశ పెట్టను. ఆయన అప్పటికి సరేనన్నా, రేపు రచ్చబండ దగ్గర "ఏం, పాపకు ఇంకా చూడలేదా?" అని ఎవరో అడుగుతారు, మళ్లీ మనసు మారుతుంది. అందుకని "చదివించు" అని గాల్లో అడగకుండా గడువు పెట్టి అడుగు: రెండేళ్లు, బీఈడీ అయ్యేవరకు. గడువు ఉంటే ఆయనకు కూడా ఊళ్లో చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. నేను చూసినంతలో తండ్రులు ఒప్పుకున్నవి ఎక్కువగా ఇలా గడువు పెట్టిన కోరికలే.

ఈ సంబంధం గురించి నా అభిప్రాయం దాచను. అంకె ముందు చెప్పి పిల్లను తర్వాత చూసేవాళ్ల ఇంట్లో అడగడం ఆ పెళ్లితో ఆగదు. ఎలా తెలుస్తుందంటే, కట్నం ఒప్పుకున్నాక కూడా అంకె కదులుతుంటుంది. ముందు బైకు అన్నది కారు అవుతుంది, ఆడబిడ్డ లాంఛనం రెట్టింపవుతుంది, నిశ్చితార్థం ఖర్చు కూడా మీదే అంటారు. అలా కదలడం మొదలైతే అక్కడే ఆగండి. కట్నం అడగడమే నేరం. 1961 వరకట్న నిషేధ చట్టం కింద అడిగినందుకు ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు, ఇచ్చిపుచ్చుకున్నందుకు కనీసం ఐదేళ్లు శిక్ష ఉంది. ఇచ్చిన తండ్రి మీద కూడా కేసవుతుందని భయపెట్టి చాలామంది నోరు మూయిస్తారు. బాధితులు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా వాళ్ల మీదే ఆ చట్టం కింద కేసు పెట్టకూడదని అదే చట్టంలో ఉంది.

నిన్ను ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కు పొమ్మనడం లేదు. ఈ చట్టంలో ఎవరూ పట్టించుకోని ఒక సెక్షన్ ఉంది, ఆరోది. పెళ్లికి ఇచ్చిన కట్నం ఎవరి చేతికి వెళ్లినా, వాళ్లు మూడు నెలల్లోపు పెళ్లికూతురికి అప్పగించాలి, అంతవరకు ఆమె తరఫున దాచినట్టే లెక్క. మామ స్థలం కొనుక్కోవడానికి కాదు. నేను చెప్పిన ఆ అమ్మాయికి ఈ సెక్షనే పనికొచ్చింది. బంగారం బిల్లులు తండ్రి దాచి ఉంచాడు కాబట్టి పెద్దమనుషుల ముందు తొమ్మిది తులాలు తిరిగి వచ్చాయి. నగదుకు కాగితం ఏదీ లేదు. అందులో సగం కూడా రాలేదు.

అందుకే, మీ ఇంటివాళ్లు ఎవరూ అడగకుండా ఇష్టంతో నీకు ఏదైనా పెట్టాలనుకుంటే, అది నీ పేరు మీదే ఉండాలి. భూమి అయితే "పసుపు కుంకుమ కింద ఇచ్చాం" అన్న నోటిమాట వద్దు, రిజిస్ట్రేషన్ చేయించాలి. నోటిమాట భూములు తర్వాత అన్నదమ్ముల మధ్య కోర్టుకెళ్లడం మన దగ్గర మామూలే. డబ్బయితే నీ పేరున డిపాజిట్. బంగారం బిల్లు నీ పేరున. ఇచ్చినవాటి జాబితా రాసి, ఏ వస్తువు, ఎంత విలువ, ఎవరిచ్చారు, ఏం బంధుత్వం అన్నవి చూపించి పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఇద్దరూ సంతకం చేయాలని 1985 నుంచే నియమం ఉంది. పెళ్లి పత్రికలకు పెట్టే శ్రద్ధలో పదోవంతు పెట్టినా ఆ జాబితా తయారవుతుంది.

చివరగా, చాలామంది ఆడపిల్లలకు తెలియని సంగతి. కట్నం ఇచ్చేశాం కాబట్టి ఆస్తిలో నీకేమీ లేదని అంటారు. పెళ్లి సందట్లోనో, తర్వాత తమ్ముడి పేరున పాసుబుక్కు మార్చేటప్పుడో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. కట్నం వేరు, వాటా వేరు. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతటా 2005లో వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నాన్న స్వార్జితమైతే మాత్రం ఆయన ఇష్టం, ఎవరికైనా రాసివ్వొచ్చు. వాటా కోసం తమ్ముడితో తగువు పెట్టుకోమని ఇది చెప్పడం లేదు. ఆ ఇంట్లో నువ్వు అద్దెకున్న మనిషివి కాదని తెలియడానికి చెబుతున్నాను. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకు. సందేహం ఉంటే కడపలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు లాయర్ సాయం ఉచితం. ఫోన్‌లో అయితే 15100. ఇంట్లో ఒత్తిడి పెరిగి బలవంతం దాకా వస్తే మహిళా హెల్ప్‌లైన్ 181.

అప్పు కాగితం వేశాక అంకెలు ఇక్కడ రాయి. పొలం తాతల నాటిదా, నాన్న కొన్నదా అన్నది కూడా అడిగి రాయి. నీ వాటా సంగతి దాన్ని బట్టి చెబుతాను. కాగితం వేసేటప్పుడు మీ చెల్లెల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో.